కార్తీకమంతా ఒకే ప్రమిద, రోజుకో మాట: నల్లగొండ అరుగు మీది లెక్క

2025 కార్తీకం అక్టోబరు 22న పాడ్యమితో మొదలై నవంబరు 20న అమావాస్యతో అయిపోయింది. నెలంతా మాపటి పూట నల్లగొండలోని మా ఇంటి అరుగు మీద ప్రమిద వెలిగించి, ఫొటో తీసి, దాని మీద ఒక చిన్న మాట రాశాను. ఫొటోలన్నీ పక్కపక్కన పరిస్తే అదే అరుగు, అదే ప్రమిద, అదే కోణం కనబడాలి. మారేది ఆ రోజు వెలుగు, ఆ రోజు మాట మాత్రమే కావాలి. నెల పొడుగునా రాసుకున్న వాటిలో పనికొచ్చేవి ఇక్కడ పెడుతున్నాను.

మొదలుకాక ముందు

కుమ్మరి దగ్గర తెచ్చిన మట్టి ప్రమిదను ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, మర్నాడంతా ఎండలో పెట్టాను. నానబెట్టకపోతే మట్టి నూనె తాగుతుంది, అడుగున పీట మీద మరక దిగుతుంది. నానబెట్టి సరిగా ఆరనియ్యకపోతే ఇంకో తంటా. మట్టిలోని తడి నూనెలోకి చేరి వత్తి చిటపటలాడుతుంది, మంట ఎగిరెగిరి పడుతుంది. ప్రమిద అడుగు చెంపకు ఆనించి చూస్తే తెలిసిపోతుంది, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

నువ్వుల నూనె, రెండు పోగులు కలిపి పేనిన పత్తి వత్తి. వత్తి కొస ప్రమిద ముక్కు దాటి గోధుమ గింజంత బయటికి ఉంటే చాలు. నేను ఫొటోలో మంట పెద్దగా రావాలని కొస పొడుగ్గా లాగబోతే అమ్మ ఆపింది. “గంత పొడుగు పెడ్తే పొగ రాదా బిడ్డా? మసి లేకుండ కాలాలె.” మంట కొసన సన్నటి నల్ల గీత పైకి పోతుంటే వత్తి ఎక్కువైనట్టు. ఫొటోలో అది మంట పైన బూడిద రంగు మరకలా పడుతుంది, తర్వాత ఎంత దిద్దినా పోదు.

ప్రమిద కూర్చునే చోట నాలుగు చుక్కల ముగ్గు. ముగ్గు రోజూ చెరిగిపోతుంది కాబట్టి, దాని నడిమి భాగం ఎక్కడ పడాలో అరుగు మీద జాజుతో చిన్న గుర్తు పెట్టాను. ట్రైపాడ్ మూడు కాళ్లు ఆనే చోట గోళ్ల రంగు చుక్కలు. ఈ నాలుగు గుర్తులుంటే పొద్దంతా పని చేసి అలసిపోయి వచ్చిన రోజు కూడా కోణం వెతుక్కోనక్కర్లేదు.

అక్టోబరు 22, పాడ్యమి

మొదటి సాయంత్రమంతా కెమెరా కుదుర్చుకోవడానికే సరిపోయింది. ఫోనును దాని ఇష్టానికి వదిలేస్తే మంటను చూసి ఒకసారి, చీకటి గోడను చూసి ఇంకోసారి వెలుతురు మార్చేస్తుంది. దీపపు పసుపు రంగు ‘తప్పు’ అనుకుని తెల్లగా దిద్దేస్తుంది కూడా. ఇంట్లో మనం చూసే దీపం అది కాదు. అందుకే ప్రో మోడ్‌లోకి పోయి అన్నీ చేత్తో పెట్టి, ఆ అంకెలు అమావాస్య దాకా కదిలించలేదు. ఐఎస్ఓ 100, షట్టర్ 1/60, వైట్ బ్యాలెన్స్ 4000 కెల్విన్, ఫోకస్ ప్రమిద ముక్కు మీద. ఫోకస్ మంట మీద పెట్టకూడదు. మంట ఊగుతూ ఉంటే ఫోకస్ కుదిరిందో లేదో తెలియదు.

వెలుగు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు, అంకె తక్కువైతే ఎరుపు వైపు, ఎక్కువైతే నీలం వైపు. 4000 ఎందుకంటే, నూనె దీపం వెలుగు 2000 కెల్విన్ చుట్టుపక్కల ఉంటుంది, పొద్దు గూకిన తర్వాతి ఆకాశానిది అంతకు ఎన్నో రెట్లు. మధ్యలో నిలబెడితే మంట నారింజగానూ, వెనుక గోడ నీలంగానూ రెండూ వస్తాయి. ఈ రెండు రంగులే నా ఫార్మాట్. మిగతావి చట్రాలు, అక్షరాలు మాత్రమే.

ఆ రెండు రంగులూ సమంగా ఉండేది కొద్దిసేపే. పొద్దు గూకాక పావుగంట నుంచి ఇరవై నిమిషాల మధ్య. అంతకు ముందైతే గోడ తెల్లగా ఉండి దీపం వెలవెలబోతుంది, ఆ తర్వాతైతే మంట తప్ప అన్నీ నలుపే. వెలిగించిన వెంటనే తీయకూడదు. మొదటి రెండు మూడు నిమిషాలు వత్తి నూనె పీల్చుకుంటూ మంటను ఎగరేస్తుంది. అది కుదురుకుని, ఆవగింజంత ఎర్రటి కొస కనబడ్డాక తీస్తే నిలకడైన ఆకారం వస్తుంది.

ఆ రోజు మాట: *నూనె ముందు మట్టికి అందింది. తర్వాతే వత్తికి.*

అక్టోబరు 25, నాగుల చవితి

*పొద్దున పుట్ట దగ్గర పాలు. మాపున గడప దగ్గర నూనె. రెండూ మట్టికే.*

ఈ మాట రాశాకే మాటలకు ఒక పద్ధతి పట్టుకున్నాను. రాసింది నిన్నటి దీపం కింద పెట్టినా సరిపోతే అది ఇవాళ్టి మాట కాదు. ‘చీకటిని తిట్టకు, దీపం వెలిగించు’ లాంటివి ఏ రోజుకైనా సరిపోతాయి, అందుకే ఏ రోజువీ కావు. దీపం ముందు కూర్చున్న ఆ పది నిమిషాల్లో కంటికి కనబడిందో చెవికి వినబడిందో ఒకటి ఉండాలి. పన్నెండు పదాలు దాటకూడదు. ఎక్కువైతే అక్షరాలు చిన్నవి చేయాల్సి వస్తుంది, వరసలో ఆ ఒక్క ఫొటో వేరుగా కనబడుతుంది.

అక్షరాల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఫొటో 1080 వెడల్పు, 1350 ఎత్తు. ప్రమిద కింది మూడో వంతులో, మాట పైన గోడ మీద, తిథీ తేదీ అడుగున చిన్నగా. మండలి ఫాంటు వాడాను. తెలుగులో పై వరస ఒత్తులు కిందికి దిగుతాయి, కింది వరస గుడులు పైకి లేస్తాయి. ఇంగ్లిష్‌కు సరిపోయే వరసల దూరం పెడితే ‘మట్టికి’లోని ట ఒత్తు కింది వరస గుడిని తాకుతుంది. అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లకు పైగా దూరం పెడితే తప్ప కుదరదు. రంగు తెలుపు పెట్టలేదు, లేత వెన్నరంగు పెట్టాను. ఫొటోలో అన్నిటికంటే వెలుగైనది మంటే కావాలి, అక్షరం కాదు.

అక్టోబరు 29, మొంథా తుపాను

ముందు రాత్రి తీరం దాటిన తుపాను ఆ రోజు మన జిల్లా మీద కురిసింది. అరుగంతా జల్లు. ప్రమిదను గోడ వైపు జరిపితే ఫార్మాట్ పోతుంది, జరపకపోతే దీపం నిలవదు. దీపాన్నీ ట్రైపాడ్‌నూ కదపకుండా, జల్లు కొట్టే వైపు అరుగు అంచున పాత తడక నిలబెట్టాం. ఫొటోలో ఎడమ పక్క కొంచెం ఎక్కువ నీడ వచ్చింది. దాన్ని దిద్దలేదు, అది ఆ రోజుదే.

అన్నిటికంటే ముఖ్యంగా గడియారం ఆ రోజు పనికిరాలేదు. మబ్బుకు పొద్దు గూకే వేళకే చీకటైంది. రోజూలా పావుగంట ఆగి ఉంటే గోడ నలుపే వచ్చేది. అప్పటి నుంచి సమయాన్ని ఆకాశంతోనే పోల్చుకుంటున్నాను. దీపం వెలిగించకముందు ప్రమిద అంచు కంటికి కనబడుతూ, దాని మీది గీతలు మాత్రం కనబడకుండా ఉన్నప్పుడు వెలిగిస్తే, మంట కుదురుకునే సరికి రంగులు సరిపోతాయి. మబ్బు రోజైనా, తేట రోజైనా ఈ గుర్తు పనిచేసింది.

వత్తులు కూడా చెమ్మగిల్లాయి. డబ్బాలో ఉన్నవి ఉన్నట్టే పెడితే చిటచిటమని నూనె చిమ్మింది. అమ్మ పొయ్యి పక్కన పళ్లెంలో కొన్ని పరిచి, అవి ఎండాక స్టీలు డబ్బాలో మూత బిగించి పెట్టింది.

*వాన చప్పుడులో వత్తి చప్పుడు వేరుగా వినబడింది.*

నవంబరు 5, పున్నమి

అన్నిటికంటే చిక్కైన రోజు ఇది. పొద్దున వాడపల్లి పోయాం, కృష్ణలో మూసీ కలిసే చోటికి. అక్కడి లక్ష్మీనరసింహస్వామి గుడిలో రెండు దీపాలుంటాయి. స్వామి ముఖం ఎత్తున ఉన్నది ఊగుతుంది, కింద ఉన్నది నిలకడగా ఉంటుంది. పైది స్వామి ఊపిరికి కదులుతుందని చెప్తారు. పదిహేను రోజులుగా రోజూ మంట ఎప్పుడు కుదురుకుంటుందా అని కాచుకున్న కళ్లకు ఆ రెండు దీపాలు ఎంతసేపు చూసినా తనివి తీరలేదు. గర్భగుడిలో ఫోను తీయలేదు.

సాయంత్రం ఇంట్లో 365 వత్తుల కట్ట వెలిగించాలి. నేతిలో తడిసిన ఆ కట్ట మంట జానెడు లేస్తుంది. నా అంకెలతో తీస్తే ఫొటోలో తెల్లటి ముద్ద తప్ప ఏమీ ఉండదు. షట్టర్ 1/500కు పెంచితే మంట ఆకారం వస్తుంది కానీ, గోడ నీలం మొత్తం పోతుంది, నెలంతా కాపాడుకున్న వరస అక్కడ తెగుతుంది. తిప్పి తిప్పి ఆలోచించి కట్టను చట్రంలోకి తేలేదు. అమ్మ దాన్ని వాకిట్లో తులసి కోట దగ్గర వెలిగించింది, అరుగు మీద ఎప్పటి ప్రమిద ఎప్పటిలా ఉంది. వాకిట్లో మంట లేచినప్పుడు దాని వెలుగు కుడి వైపు నుంచి మా గోడ మీద పడి, నీలంలోకి లేత ఎరుపు పాకింది. అంకెలు ఒక్కటీ మార్చలేదు. వరసలో పున్నమి ఎక్కడుందో తేదీ చదవకుండానే కనబడుతుంది.

*ఏడాది దీపం వాకిట్లో. దాని వెలుగు మా గోడకూ వచ్చింది.*

నవంబరు 17, చివరి సోమవారం

ఒకే ప్రమిద వాడటం గురించి అమ్మకు మొదట ఒప్పలేదు. “మసి పట్టినదాంట్ల మళ్ల దీపమా? కడిగి పెట్టాలె.” రోజూ పొద్దున వేడినీళ్లతో, బూడిదతో కడుగుతూనే ఉన్నాం. అయినా ముక్కు దగ్గర మంట కాల్చిన నలుపు లోపలికి ఇంకింది, నూనె ఊరి చుట్టూ రంగు ముదిరింది. పాడ్యమి నాటి ఇటుక రంగు ఇప్పుడు చింతగింజ రంగులో ఉంది. రోజుకొక కొత్త ప్రమిద పెట్టి ఉంటే ఫొటోలు ఇంకా శుభ్రంగా ఉండేవి కానీ, ఈ మార్పు దొరికేది కాదు.

*కడిగితే మసి పోయింది. కాలిన గుర్తు ఉంది.*

నవంబరు 20, అమావాస్య

మధ్యాహ్నానికే అమావాస్య ఘడియలు అయిపోయాయి, దీపం పెట్టే వేళకు లెక్క ప్రకారం పాడ్యమి. ఫొటో అడుగున ఏం రాయాలన్నది అమ్మే తేల్చింది. పొద్దు పొడిచినప్పుడున్న తిథే ఆ రోజు తిథి, ఇంట్లో దీపం నడిచేది దానితోనే. నెలంతా అలాగే రాశాను కాబట్టి ఇక్కడా అమావాస్యే. ఫైళ్ల పేర్లు మాత్రం తిథితో కాక వరస అంకెతో మొదలుపెడితే మంచిది. తిథి ఒక్కోసారి రెండు పొద్దులకు వస్తుంది, ఒక్కోసారి ఎగిరిపోతుంది. `01-2025-10-22.jpg` లాంటి పేరైతే ఎప్పుడు తెరిచినా వరస తప్పదు.

అధిక జ్యేష్ఠం వల్ల 2026 కార్తీకం నవంబరు 10న మొదలవుతుంది. ఈసారి నెల మొదటికీ చివరికీ పొద్దు గూకే వేళ దాదాపు పది నిమిషాలు ముందుకు జరిగింది. వచ్చేసారి నవంబరు మధ్య నుంచి డిసెంబరు మొదటి వారం దాకా రెండు మూడు నిమిషాలకు మించి కదలదు. ఆపీసు నుంచి వచ్చే వాళ్లకు రోజూ ఒకే వేళకు అలారం పెట్టుకుంటే సరిపోతుంది. ప్రమిదలు రెండు నానబెట్టి పెట్టుకోవాలి, ఒకటి పగిలినా ఇంకోటి ఉంటుంది.