సీపీటీ ఎక్సెల్‌లో డాలర్ గుర్తు ఎక్కడ పెట్టాలి: నా ప్రాక్టీస్ అనుభవం

గ్రూప్-2 కంప్యూటర్ పరీక్ష సీపీటీకి చదివేటప్పుడు ఎక్సెల్‌లో నేను ఎక్కువ సమయం పెట్టింది ఫార్ములాలు గుర్తుపెట్టుకోవడం మీద కాదు. రాసిన ఫార్ములాను కిందికీ పక్కకీ లాగినప్పుడు లోపల ఏ సెల్ కదులుతుంది, ఏది కదలదు అన్నదాని మీద. సెల్ పేరులో అక్షరం ముందో అంకె ముందో డాలర్ గుర్తు పెడితే ఆ భాగం కదలదు. మొదటి సెల్‌లో జవాబు కరెక్ట్‌గానే వస్తుంది, లాగాక తేడా కొడుతుంది. దీన్ని నేను ఒకే ఉదాహరణ మీద పదేపదే చేశాను. మీరూ అదే చేయమని చెబుతాను.

ఉదాహరణ వర్షపాతం. వాతావరణ శాఖ సాధారణ వర్షపాతంతో పోల్చి, తేడా శాతాన్ని బట్టి ప్రాంతాలను వర్గాలుగా విడదీస్తుంది. మైనస్ 19 నుంచి ప్లస్ 19 దాకా సాధారణం, మైనస్ 20 నుంచి మైనస్ 59 దాకా లోటు, ఇలా. షీట్‌లో A కాలమ్‌లో మండలం, B లో సాధారణ వర్షపాతం, C లో కురిసిన వర్షం, D లో తేడా శాతం, E లో వర్గం పెట్టుకోండి. G, H కాలమ్స్‌లో ఈ చిన్న పట్టిక వేయండి. G2 నుంచి G7 దాకా ఉన్నవి ఒక్కో వర్గం మొదలయ్యే అంకెలు.

```
G      H
-100   వర్షం లేదు
-99    తీవ్ర లోటు
-59    లోటు
-19    సాధారణం
20     అధికం
60     అత్యధికం
```

D2 లో ఇది రాయండి:

```
=ROUND((C2-B2)/B2*100,0)
```

ఇందులో ఒక్క డాలర్ కూడా అక్కర్లేదు. మూడో వరుసకు వెళ్తే C3, B3 కావాలి, అవే వస్తాయి. ROUND ను మాత్రం వదలొద్దు. తేడా -19.4 అనుకోండి. రౌండ్ చేస్తే -19, అంటే సాధారణం. చేయకపోతే అది -19 కన్నా తక్కువ కాబట్టి పట్టికలో పై వరుసకు పోయి "లోటు" అని చూపిస్తుంది.

ఇప్పుడు E2. చాలామంది ఇలా రాసి కిందికి లాగేస్తారు:

```
=VLOOKUP(D2,G2:H7,2,TRUE)
```

E2 వరకు తప్పేమీ లేదు. కానీ E4 కి వచ్చేసరికి పట్టిక G4:H9 అయిపోతుంది, అంటే -59 నుంచి మొదలవుతుంది. ఆ వరుసలో తీవ్ర లోటు ఉన్న మండలం ఉంటే #N/A వస్తుంది. సాధారణ వర్షం పడిన మండలమైతే జవాబు ఇంకా కరెక్ట్‌గానే ఉంటుంది! ఆరో వరుసలో పట్టిక 20 దగ్గర మొదలవుతుంది కాబట్టి అక్కడ సాధారణం కూడా #N/A అవుతుంది. ఎనిమిదో వరుస నుంచి పట్టికే మిగలదు, కింద అన్నీ #N/A. పై వరుసల్లో మంచి వర్షం పడిన మండలాలుంటే మొదటి నాలుగైదు జవాబులు చూసి అంతా బాగుందనుకుంటాం. అందుకే నేను చెక్ చేసేది ఎప్పుడూ చివరి సెల్‌నే. సరైన ఫార్ములా ఇది:

```
=VLOOKUP(D2,$G$2:$H$7,2,TRUE)
```

D2 కి డాలర్ లేదు, ఎందుకంటే వరుస మారితే మండలం మారాలి. పట్టికకు నాలుగు డాలర్లు, ఎందుకంటే అది అక్కడే ఉండాలి. F4 నొక్కితే G2 కాస్తా $G$2, మళ్లీ నొక్కితే G$2, ఆపైన $G2, నాలుగోసారికి మామూలు G2 అవుతుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో Fn కూడా కలిపి నొక్కాలి. ఒక్క విషయం గమనించండి. రేంజ్‌ను మౌస్‌తో సెలెక్ట్ చేసిన వెంటనే F4 నొక్కితే రెండు చివరలకూ డాలర్లు పడతాయి. చేత్తో టైప్ చేసి, కర్సర్ H7 పక్కన ఉండగా నొక్కితే G2:$H$7 అయ్యే అవకాశం ఉంది. అప్పుడు పై చివర మాత్రం జారుతూనే ఉంటుంది, పైన చెప్పిన సమస్యే మళ్లీ వస్తుంది.

#N/A వస్తే కనీసం కంటికి కనిపిస్తుంది. IF తో వచ్చే తప్పు అలా కనిపించదు. పాస్ మార్కు K1 లో ఉందనుకోండి. B2 లో మార్కులు పెట్టి =IF(B2>=K1,"పాస్","ఫెయిల్") అని లాగితే, రెండో అభ్యర్థి మార్కును ఖాళీగా ఉన్న K2 తో పోలుస్తుంది. ఖాళీ సెల్‌ను ఎక్సెల్ సున్నాగా లెక్కిస్తుంది కాబట్టి అక్కడి నుంచి అందరూ పాస్. ఎర్రర్ ఏమీ రాదు. K1 బదులు $K$1 కావాలి.

ఇక అసలు కష్టం గ్రిడ్ దగ్గర. కొత్త షీట్ తీసుకుని, G, H లో అదే పట్టిక పెట్టండి. A2 నుంచి A5 దాకా సాధారణ వర్షపాతం 50, 100, 150, 200 మిల్లీమీటర్లు. B1 నుంచి E1 దాకా కురిసిన వర్షం 40, 80, 120, 160. మధ్యలో ఉన్న 16 సెల్స్‌లో ఒకే ఫార్ములాతో వర్గం రావాలి.

ఇక్కడ నేను ఒక్కో రిఫరెన్స్‌కు ఒకే ప్రశ్న వేసుకునేదాన్ని: ఫార్ములా ఎటు వెళ్లినా ఇందులో మారకూడనిది అక్షరమా, అంకెనా? కురిసిన వర్షం ఎప్పుడూ ఒకటో వరుసలోనే ఉంటుంది, కాబట్టి అంకెకు తాళం: B$1. సాధారణ వర్షపాతం ఎప్పుడూ A కాలమ్‌లోనే ఉంటుంది, కాబట్టి అక్షరానికి తాళం: $A2. B2 లో రాయాల్సింది:

```
=VLOOKUP(ROUND((B$1-$A2)/$A2*100,0),$G$2:$H$7,2,TRUE)
```

ముందు B2:E5 మొత్తం సెలెక్ట్ చేసి, ఫార్ములా టైప్ చేసి Ctrl+Enter నొక్కితే 16 సెల్స్ ఒకేసారి నిండుతాయి. లేదంటే B2 నుంచి ముందు పక్కకి, ఆ తర్వాత ఆ వరుసనంతా కిందికి లాగండి.

జవాబులు చేత్తో సరిచూసుకోండి. 50 ఎదురుగా 40 అంటే -20, లోటు. 50 కి 80 అంటే సరిగ్గా 60, అత్యధికం. 100 కి 120 అంటే 20, అధికం. 150 కి 160 అంటే 6.67, రౌండ్ చేస్తే 7, సాధారణం. 200 కి 80 అంటే -60, తీవ్ర లోటు. ఈ అంకెలు కావాలనే ఎంచుకున్నాను. చాలావరకు హద్దుల మీదే పడతాయి కాబట్టి పట్టికలో అంకె ఒకటి అటూ ఇటూ అయినా చాలాసార్లు తెలిసిపోతుంది.

డాలర్లు పూర్తిగా మరిచిపోతే C2 లో ఫార్ములా పక్కనున్న B2 ను అంకెగా తీసుకోవాలని చూస్తుంది. అక్కడ "లోటు" అన్న మాట ఉంది కాబట్టి #VALUE! వస్తుంది. భయపడాల్సింది దీనికి ఎదురు తప్పుకే, అంటే $B$1, $A$2 అని రెండింటికీ పూర్తి తాళం వేయడానికి. అప్పుడు 16 సెల్స్‌లోనూ "లోటు" అనే వస్తుంది, ఎర్రర్ లేకుండా. గ్రిడ్ అంతా ఒకే మాట కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

చెకింగ్‌కి E5 మీద F2 నొక్కండి. ఫార్ములాలోని రిఫరెన్స్‌లకు రంగు పెట్టెలు కనిపిస్తాయి. అవి E1, A5, G2:H7 మీద ఉంటే మధ్యలో ఉన్నవన్నీ సరిగ్గా ఉన్నట్టే. చూశాక Esc తో బయటికి రండి, ఆ స్థితిలో మౌస్‌తో వేరే సెల్ క్లిక్ చేస్తే ఫార్ములా మారిపోవచ్చు.

ఇంకొకటి. డేటా పట్టికలో నుంచి ఒక్కో నెల అంకెను పక్కకి లాగుతూ తెచ్చేటప్పుడు, VLOOKUP లో మనం టైప్ చేసిన కాలమ్ నంబర్ 2 ఎంత దూరం లాగినా 2 గానే ఉంటుంది. అది సెల్ రిఫరెన్స్ కాదు, కాబట్టి డాలర్‌తో సంబంధం లేదు. అక్కడ నంబర్ బదులు MATCH పెట్టి, పైన ఉన్న నెల పేరును B$1 గా ఇవ్వాలి. డేటా A10:E30 లో, దాని హెడింగ్స్ పదో వరుసలో ఉన్నాయనుకుంటే:

```
=VLOOKUP($A2,$A$10:$E$30,MATCH(B$1,$A$10:$E$10,0),FALSE)
```

మండలం పేరు అచ్చంగా కలవాలి కాబట్టి ఇక్కడ చివర FALSE. వర్షపాతం వర్గాలకు హద్దులు కావాలి కాబట్టి అక్కడ TRUE, దానికి G కాలమ్ చిన్న అంకె నుంచి పెద్ద అంకెకు వరుసగా ఉండి తీరాలి.