గెలిచిన షార్ట్‌ని ఎవరో మూసేశారు

2025 అక్టోబర్ 10 క్రిప్టో క్రాష్ రాత్రి నా లెక్క తప్పలేదు. అయినా దెబ్బ తిన్నాను.

ఒక కాయిన్‌లో 100 డాలర్ల దగ్గర 10x షార్ట్, అంటే నా సొమ్ముకి పది రెట్ల లీవరేజ్‌తో, ధర పడితే లాభమిచ్చే పందెం. దానికి హెడ్జ్‌గా, అంటే రక్షణగా, ఇంకో కాయిన్‌లో లాంగ్, ధర పెరిగితే లాభమిచ్చేది. ధర 60కి పడేసరికి షార్ట్ మంచి లాభంలో ఉంది. అంతలో ఫోన్‌లో ఒక నోటిఫికేషన్: మీ పొజిషన్ ఆటో-డీలీవరేజ్ అయింది. మూసిన ధర 72! మార్కెట్ 60లో ఉంటే 72 ఏంటని రెండుసార్లు చూసుకున్నాను.

అది ఎవరో లాంగ్ పెట్టి మునిగిపోయిన మనిషి దివాలా ధర, అంటే అతను పూచీగా పెట్టిన సొమ్ము, మార్జిన్, సున్నా అయ్యే చోటు. అతని పొజిషన్‌ని ఆ ధరకు కొనేవాళ్లు మార్కెట్లో లేరు. మామూలుగా అలాంటి నష్టాన్ని ఎక్స్చేంజ్ ఇన్సూరెన్స్ ఫండ్ మోస్తుంది. ఆ ఫండ్ చాలనప్పుడు, ఎదురు వైపు గెలుస్తున్నవాళ్లని వరుసలో నిలబెట్టి వాళ్ల పొజిషన్లు మూసేస్తారు; ఆటో-డీలీవరేజ్ అంటే ఇదే. లాభం శాతం, లీవరేజ్ రెండూ ఎక్కువున్నవాళ్లు ముందు. నేను ముందు వరుసలోనే ఉన్నాను. ఆ వరుసలో ఎంత ముందున్నామో చూపే లైట్లు పొజిషన్ పక్కన ఐదూ వెలిగే ఉన్నాయట, ఎప్పుడు చూశాను గనక!

యూనిట్‌కి 12 డాలర్లు పోవడం చిన్న విషయం. షార్ట్ పోయాక లాంగ్ ఒంటరిగా మిగిలింది. నేను తేరుకునేలోపే అదీ లిక్విడేట్ అయింది, అంటే నష్టం పెరిగి ఎక్స్చేంజ్ దాన్ని బలవంతంగా మూసేసింది.

ఇప్పుడు హెడ్జ్‌కి 2x దాటను. లైట్లు నాలుగైతే కొంత లాభం నేనే తీసేసి, హెడ్జ్‌లో రెండో వైపు పొజిషన్‌నీ అంతే తగ్గిస్తాను.