గ్రాఫును చెవికి చేర్చే ఉద్యోగం

అమెరికా మధ్యపశ్చిమంలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో, చూపు లేని విద్యార్థులకు పాఠాల స్లైడ్లు అందేలా సిద్ధం చేసే విభాగంలో నేను పనిచేస్తున్నాను. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి ఇక్కడికి వచ్చినవాడిని కాబట్టి, ఇదీ ఒక రకం టెస్టింగేనని మొదట్లో అనుకునేవాడిని. పవర్‌పాయింట్‌లోని యాక్సెసిబిలిటీ చెకర్‌ను నడిపితే ఏ బొమ్మకు ఆల్ట్ టెక్స్ట్, అంటే బొమ్మకు బదులుగా చదివి వినిపించే వర్ణన, లేదో అదే చూపిస్తుంది. అయితే ఆ వర్ణన రాసే పెట్టె ఖాళీగా ఉంటేనే చెకర్‌కు అభ్యంతరం. అందులో ‘గ్రాఫు’ అని ఒక్క మాట రాసి వదిలేసినా ఊరుకుంటుంది. ప్రభుత్వ సంస్థల వెబ్ సమాచారానికి 2024 ఏప్రిల్‌లో ఇక్కడి న్యాయశాఖ నిర్దేశించిన డబ్ల్యూక్యాగ్ 2.1 అనే అందుబాటు ప్రమాణం అంతటితో తృప్తిపడదు. బొమ్మ చేసే పనినే దానికి బదులుగా రాసిన పాఠం కూడా చేయాలని అందులోని 1.1.1 నిబంధన అడుగుతుంది. బొమ్మ ఏ పని చేస్తున్నదో తేల్చడమే మా ఉద్యోగంలోని అసలు భాగం.

పర్యావరణ శాస్త్రం పాఠాల్లో తప్పక కనిపించే గ్రాఫు ఒకటుంది. హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండమీద గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను 1958 నుంచి పీపీఎంలలో, అంటే గాలిలోని పది లక్షల భాగాలకు ఎన్ని భాగాలో, కొలుస్తూ వస్తున్నారు. ఆ కొలతలను మొదలుపెట్టిన శాస్త్రవేత్త పేరుతో దాన్ని కీలింగ్ వక్రరేఖ అంటారు. ‘భూతాపానికి కారణమైన వాయువు భయంకరంగా పెరిగిపోతున్నట్లు చూపే గ్రాఫు’ అని కొత్తగా చేరినవారు రాస్తారు. ఆ వాక్యంలో గ్రాఫు లేదు, రాసినవారి అభిప్రాయం మాత్రమే ఉంది. మేము పంపేది సుమారుగా ఇలా ఉంటుంది:

‘లైన్ గ్రాఫు. మౌనా లోవాలో కార్బన్ డయాక్సైడ్ నెలవారీ సగటులు, 1958 నుంచి 2023 వరకు. నిలువు అక్షం 310 నుంచి 430 పీపీఎం వరకు. 1958లో 315 దగ్గర మొదలైన గీత 2023లో 421 దగ్గరకు చేరింది; 1960లలో ఏడాదికి ఒక పీపీఎం లోపే పెరగగా, చివరి పదేళ్లలో ఏడాదికి రెండున్నర దాకా పెరిగింది. ఏటా మే నెలలో ఎక్కువై, సెప్టెంబరు చివరికి ఆరేడు పీపీఎం తగ్గుతుంది.’

‘బొమ్మ’ అనే మాటతో మొదలుపెట్టనక్కరలేదు, ఎందుకంటే అది బొమ్మ అని, తెరమీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేరే ముందుగా చెబుతుంది. కానీ ఏ రకం గ్రాఫో చెప్పాలి. నిలువు అక్షం సున్నా దగ్గర కాక 310 దగ్గర మొదలవుతున్నదని తప్పక చెప్పాలి. గీత అంత నిటారుగా లేచినట్లు చూసేవారికి అనిపించడానికి ఆ కోత కూడా ఒక కారణం. ఆ సంగతి వినేవారికి చెప్పకుండా ‘నిటారుగా పెరిగింది’ అంటే సగమే చెప్పినట్లు. ఇదే గ్రాఫును గణాంక శాస్త్రం అధ్యాపకుడు అక్షాల కోత గురించి చెప్పడానికి వాడుకుంటే, వర్ణనలో అక్షమే ముందుకు వస్తుంది, మే నెల సంగతి వెనక్కి పోతుంది.

ఆ ఎగుడుదిగుడులు ఎందుకు వస్తున్నాయో పై వర్ణనలో లేకపోవడం కావాలని చేసిన పనే. ఉత్తరార్ధగోళంలోని చెట్లు వేసవిలో పెరుగుతూ ఆ వాయువును పీల్చుకోవడం వల్ల అలా జరుగుతుంది. అయితే ‘ఇలా ఎందుకు జరుగుతోంది?’ అని అధ్యాపకుడు తరగతిలో అడగబోతున్నాడు. కారణాన్ని ఆల్ట్ టెక్స్ట్‌లో పెడితే చూపు లేని విద్యార్థికి జవాబు ముందే అందుతుంది, ఆలోచించే వంతు పోతుంది. పరీక్ష స్లైడ్ల విషయంలో మరీ జాగ్రత్త కావాలి. ‘పెరుగుదల ఏ దశాబ్దంలో ఎక్కువ?’ అన్నది ప్రశ్న అయితే, ధోరణిని వర్ణించడం మానేసి అంకెలను పట్టికగా ఇవ్వాలి. 2021లో ఎంఐటీ పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనంలో, గ్రాఫుకు నేపథ్యాన్నీ వ్యాఖ్యానాన్నీ జోడించిన వాక్యాలను చూపున్నవారు మెచ్చుకున్నారు. చూపు లేనివారిలో చాలామంది వాటికి తక్కువ విలువ ఇచ్చి, గరిష్ఠ కనిష్ఠాలు, ధోరణులు తెలిపే వాక్యాలను కోరారు. నా అనుభవమూ అదే చెబుతోంది: అంకెలు ఇవ్వండి, తీర్పు మేం చెప్పుకుంటాం అంటారు.

ఈ పనిలో నాకు నిజంగా కష్టమైనది అధ్యాపకుడిని ప్రశ్నించడం. ‘సార్’ అని తప్ప పిలవని, బోర్డు మీద ఉన్నదాన్ని ఎందుకని అడగని చదువు మనది. ఇక్కడ ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన ప్రొఫెసర్‌కు, మొదటి పేరుతో సంబోధిస్తూ, ‘ఈ స్లైడు చూసిన విద్యార్థికి ఏం తెలియాలి?’ అని మెయిలు రాయాలి. జవాబు కొన్నిసార్లు ఒక్క వాక్యంలో వస్తుంది, మరికొన్నిసార్లు ఆ స్లైడునే ఆయన తీసేస్తారు. అలా తీసేసిన స్లైడ్లవల్ల చూపున్న విద్యార్థులకు జరిగిన నష్టం ఏమిటో నాకైతే కనిపించలేదు.

గ్రాఫుల కన్నా రేఖాచిత్రాలతోనే ఎక్కువ తంటా. కార్బన్ చక్రం చిత్రంలో గాలి, సముద్రం, అడవి, నేల అనే పెట్టెలూ, వాటిని కలిపే బాణాలూ విడివిడి ముక్కలుగా ఉంటాయి. స్క్రీన్ రీడర్ వాటిని గీసిన వరుసలో చదువుతుంది కాబట్టి, ‘సముద్రం’ తరువాత ‘రైట్ యారో 14’, ఆ తరువాత ‘రైట్ యారో 9’ అని వినిపిస్తుంది. ఏ బాణం ఎక్కడినుంచి ఎక్కడికో తెలియదు. అందుకని ముక్కలన్నిటినీ ఒక గ్రూపుగా కట్టి, ఆ గ్రూపుకు ‘నాలుగు నిల్వలు, వాటి మధ్య కార్బన్ రాకపోకలు, వివరాలు నోట్స్‌లో’ అన్నంత చిన్న ఆల్ట్ టెక్స్ట్ ఇస్తాము. స్లైడు కింద ఉండే ఆ నోట్స్‌లో ఒక్కో నిల్వ పేరు, దాని కింద లోపలికి వచ్చేవి, బయటికి పోయేవి వరుసగా ఉంటాయి. బాణాల వంపులు, అడవి బొమ్మలోని చెట్ల సంఖ్య ఎవరికీ అక్కరలేదు. రంగులను మాత్రం ఒక్కోసారి ఉంచుతాము. ‘ఎర్ర బాణాలు చూడండి’ అని పాఠంలో అంటారని తెలిస్తే, అవి మనుషుల వల్ల జరిగే విడుదలలని వర్ణనలోనే రంగుతో కలిపి చెప్పాలి.

వివరాలను నోట్స్‌కు తరలించడానికి కారణం ఉంది. ఆల్ట్ టెక్స్ట్‌ను స్క్రీన్ రీడర్ ఒకే ఊపులో చదివేస్తుంది. మధ్యలో ఆగి, వెనక్కి వెళ్లి ఒక అంకెను మళ్లీ వినాలంటే సాధారణంగా మొత్తం మొదటినుంచి వినాలి. నోట్స్‌లో, పట్టికలో అయితే వాక్యం వాక్యంగా, గడి గడిగా కదలవచ్చు. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వాడేవారు స్లైడు షో నడుస్తుండగానే Ctrl+Shift+S నొక్కి నోట్స్‌లోకి వెళ్లగలరు. మౌనా లోవా నెలవారీ అంకెలు ఎనిమిది వందలకు దగ్గరగా ఉంటాయి కనుక, దశాబ్దానికొక వరుసతో చిన్న జాబితాను నోట్స్‌లో పెట్టి, పూర్తి అంకెలను ఎక్సెల్ ఫైలుగా జతచేస్తాము.

ఇవన్నీ ముందురోజే విద్యార్థికి చేరాలి, ఎందుకంటే తరగతిలో ఒక చెవిన స్క్రీన్ రీడర్‌నూ మరో చెవిన అధ్యాపకుడినీ వింటూ రెండూ అర్థం చేసుకోవడం ఎవరికైనా కష్టం. తరగతిలో అధ్యాపకుడు ‘ఇక్కడినుంచి ఇక్కడికి’ అని లేజర్ చుక్క తిప్పడం మాని, ‘315 నుంచి 421కి’ అని నోటితో చెబితే చాలు. ఇంత చేశాక కూడా పాడయ్యే చోటు ఒకటి మిగులుతుంది. విభాగం గుమాస్తాలు ఫైలును ‘సేవ్ యాజ్’ ద్వారా కాక, ప్రింట్ ఆదేశంతో పీడీఎఫ్ చేస్తే ఆల్ట్ టెక్స్ట్ అంతా రాలిపోతుంది. పైకి మాత్రం రెండు ఫైళ్లూ ఒకేలా కనిపిస్తాయి. స్లైడ్లను మాత్రమే పీడీఎఫ్‌గా మార్చితే నోట్స్ ఎలాగూ అందులోకి రావు. అందువల్ల అసలు పవర్‌పాయింట్ ఫైలునే పంపమని అడుగుతాను. పీడీఎఫ్ తప్పదంటే, పంపేముందు మానిటర్ ఆపేసి, దాన్ని ఎన్‌వీడీఏతో మొదటినుంచి చివరిదాకా వింటాను.