డాబా మీద చిన్న కరెంటు లైను: 12 వోల్టుల నుంచి 48కి

హనుమకొండలో మా వీధి చివర స్తంభాల మీద ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. దాని రేకు మీది అంకెలను దూరం నుంచే ఫోను కెమెరాతో దగ్గరికి లాగి చదివాను: 100 కేవీఏ, 11,000/433 వోల్టులు, 5.25/133.3 ఆంపియర్లు. అంటే పూర్తి లోడు మీద పైకి వచ్చే ఒక్కో తీగలో అయిదు ఆంపియర్లు, వీధిలోకి దిగే తీగలో నూట ముప్పై మూడు. ఈ తేడా ఎందుకో నా చేతులతో కట్టి చూడాలనిపించింది. మూడు ఆదివారాలు పట్టింది.

మొదటి ఆదివారం ట్రాన్స్‌ఫార్మర్లు లేకుండానే లైను వేశాను. 28 గేజి ఎనామిల్ రాగి తీగను పిట్టగోడ వెంట పోను 13 మీటర్లు, రాను 13 మీటర్లు లాగాను. మొత్తం నిరోధం 4 ఓములు వచ్చింది. ఒక కొసన 12 వోల్టుల ఏసీ సరఫరా, దానికి 3 ఆంపియర్ల ఫ్యూజు. 230 వోల్టుల వైపంతా మూసిన పెట్టెలో ఉంది. రెండో కొసన మోటార్‌సైకిల్ బ్రేకు లైటు బల్బు, 12 వోల్టులు 21 వాట్లది. స్విచ్ వేస్తే అది మసకగా, ఎర్రగా వెలిగింది. మీటరు పెట్టి చూస్తే బల్బు దగ్గర 6.9 వోల్టులే ఉన్నాయి, తీగలో 1.3 ఆంపియర్లు పారుతున్నాయి. లెక్క కట్టాను: 1.3ను 1.3తో, ఆపైన 4 ఓములతో గుణిస్తే దాదాపు 6.8 వాట్లు. బల్బుకు చేరింది 9 వాట్లు. అంటే పంపిన దానిలో నలభై శాతానికి పైగా తీగను వేడి చేయడానికే పోయింది.

ఇక్కడ పట్టుకోవలసింది ఒకటే. తీగలో వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కరెంటును నాలుగో వంతుకు తగ్గిస్తే నష్టం పదహారో వంతు అవుతుంది. అదే వాట్లు తక్కువ ఆంపియర్లతో పోవాలంటే వోల్టేజిని పెంచాలి, ఇంటి దగ్గర మళ్లీ దించాలి.

రెండో ఆదివారం ఆ పనికి రెండు ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టాను. పలుచని ఇనుప రేకులు పేర్చిన కోరు మధ్య కాలు 3 సెంటీమీటర్లకు 3 సెంటీమీటర్లు. ఆ వైశాల్యానికి 50 సైకిళ్ల కరెంటుతో వోల్టుకు 5 చుట్లు సరిపోతాయి. అందుకే 12 వోల్టుల వైపు 20 గేజి తీగతో 60 చుట్లు, 48 వోల్టుల వైపు 26 గేజితో 240 చుట్లు వేశాను. అటూ ఇటూ మారే కరెంటు కోరులో అయస్కాంతాన్ని మారుస్తూ ఉంటుంది. ఆ మార్పు కోరు మీది ప్రతి చుట్టులోనూ సమానంగా వోల్టేజి పుట్టిస్తుంది. చుట్లు నాలుగింతలైతే వోల్టులూ నాలుగింతలు. బ్యాటరీ పెడితే ఆ మార్పు ఉండదు, రెండో వైపు ఏమీ రాదు, బ్యాటరీ పెట్టిన వైపు చుట్లు మాత్రం కాలిపోతాయి.

మొదటిది బల్బు పెట్టకుండానే గట్టిగా గీపెట్టింది, పావుగంటలో వేడెక్కింది. లోడు లేకుండానే 0.9 ఆంపియర్లు లాగుతోంది. మోటారు వైండింగ్ షాపుకు తీసుకెళ్తే అక్కడి అన్న చూడగానే చెప్పాడు: "రేకులన్నీ ఒకే వైపు నుంచి దూర్చావు తమ్ముడూ. ఒకటి ఇటు నుంచి, ఒకటి అటు నుంచి పెట్టు." అతుకులన్నీ ఒకే చోట పడితే అక్కడ సన్నటి గాలి సందు ఏర్పడుతుంది. ఆ సందులోంచి అయస్కాంతాన్ని నెట్టడానికే బోలెడు కరెంటు ఖర్చవుతుంది. విప్పి మార్చి పేర్చాక 0.2 ఆంపియర్లకు దిగింది.

మూడో ఆదివారం సాయంత్రం రెండూ లైనుకు కలిపాను. అదే తీగ, అదే బల్బు. ఈసారి తెల్లగా వెలిగింది! బల్బు దగ్గర 10.9 వోల్టులు, తీగలో 0.45 ఆంపియర్లు. తీగ నష్టం 0.8 వాట్లకు పడిపోయింది. ట్రాన్స్‌ఫార్మర్లు రెండూ కలిసి మూడు నాలుగు వాట్లు తింటున్నాయని వాటి వెచ్చదనమే చెబుతోంది. అయినా బల్బుకు 18 వాట్లు చేరాయి, మొదటిసారికి రెట్టింపు.

ఇప్పుడు వీధి చివరి రేకు అర్థమైంది. ఉదాహరణకు ఒక్కో తీగ నిరోధం 1 ఓము అనుకుందాం. 5.25 ఆంపియర్లతో మూడు తీగల్లో కలిపి పోయేది 83 వాట్లు. అదే లోడును 433 వోల్టులతో సబ్‌స్టేషన్ నుంచే పంపాలని చూస్తే 133 ఆంపియర్లకు 53 కిలోవాట్లు, అంటే సగానికి పైగా దారిలోనే పోతుంది. రామగుండం నుంచి వచ్చే పెద్ద టవర్ల లైన్లు 400 కిలోవోల్టులవి ఎందుకో కూడా ఈ లెక్కే చెబుతుంది. అంత వోల్టేజికి పొడవాటి ఇన్సులేటర్లు, ఎత్తైన టవర్లు, చుట్టూ ఖాళీ జాగా కావాలి. వీధిలో వాటికి చోటు లేదు కాబట్టి మెట్లు మెట్లుగా దించుతూ వస్తారు. చివరి మెట్టు ఈ స్తంభం మీదిది.

నా లైనులోనూ 48 దాటనివ్వను, డాబా మీదికి పిల్లలు వస్తారు. ఇక బల్బు ఆర్పినా ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని వాట్లు తింటుందో కొలవాలి. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే 2.4 వస్తుంది కానీ, లోడు లేనప్పుడు కరెంటు వోల్టేజి కన్నా బాగా వెనకబడి నడుస్తుంది కాబట్టి అసలు వాట్లు అంతకన్నా తక్కువే. దానికి వాట్‌మీటరు అరువు అడిగాను, వచ్చే ఆదివారానికి దొరుకుతుంది.