ట్యూషన్ వేళ వంటిల్లు ఆయనది

ఇద్దరివీ ఉద్యోగాలే. సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా నేను పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్తాను. అప్పుడు వంటిల్లు పూర్తిగా మావారిదే. అంటే కూర తరగడం ఒక్కటే కాదు; ఏం వండాలో ఆలోచించడం, రేపటి దోసెలకు పప్పు నానబెట్టడం, పాలు అయిపోతే తెచ్చుకోవడం కూడా. "ఉప్పెంత వేయను?" అని క్లాసు మధ్యలో అడిగితే ఆ పని ఇంకా నా నెత్తిమీదే ఉన్నట్టు. ఆదివారం ఆయన షాపులవాళ్ల లెక్కలు రాస్తారు, ఆ పూట బట్టలు, పిల్లాడి హోంవర్క్ నావి.

పబ్లిక్ పరీక్షల ముందు నాకు క్లాసులు పెరుగుతాయి. అప్పుడు గిన్నెలు తోమడానికి మనిషిని పెట్టుకుంటాం. ట్యూషన్ నాది కాబట్టి ఆ జీతం నేనే ఇవ్వాలన్నారు అత్తయ్య. "ఫీజులు ఇంటికే వస్తున్నాయి కదమ్మా, ఖర్చూ ఇంటిదే" అన్నారీయన. ఆ మాట నాకెంతో నచ్చింది.