సెక్షనల్ వ్యూ చదవడం: ఒక రంధ్రమున్న దిమ్మెతో నేను సాధన చేసిన పద్ధతి

మొదటి సంవత్సరం డ్రాయింగ్ పరీక్షకు సిద్ధమవుతున్న మిత్రులకు, నాకు బాగా ఉపకరించిన ఒక్క ఉదాహరణను వివరంగా చెబుతాను. పొడవు 80, వెడల్పు 60, ఎత్తు 40 మి.మీ. ఉన్న దిమ్మె మధ్యలో పైనుంచి కింది దాకా 20 మి.మీ. వ్యాసం గల రంధ్రం ఉందని, దాని పైభాగాన్ని 15 మి.మీ. లోతు వరకు 40 మి.మీ. వ్యాసానికి వెడల్పు చేశారని అనుకోండి. దీన్నే కౌంటర్ బోర్ అంటారు; బోల్టు తల పైకి కనిపించకుండా కూర్చోవడానికి ఇలా చేస్తారు.

మన కళాశాలల్లో వాడే ఫస్ట్ యాంగిల్ పద్ధతిలో టాప్ వ్యూ, ఫ్రంట్ వ్యూకి కింద వస్తుంది. అందులో ఒకే కేంద్రంతో రెండు వృత్తాలు కనిపిస్తాయి. రెండూ అఖండ రేఖలతో ఉంటే వెడల్పు భాగం పైన ఉన్నట్టు. పెద్ద వృత్తం మాత్రం విడివిడి గీతలతో ఉంటే ఆ భాగం కింద దాగి ఉన్నట్టు. అయితే లోతు ఎంతో టాప్ వ్యూ ఎన్నటికీ చెప్పదు. అందుకే ప్రతి వృత్తం అంచుల నుంచి ఫ్రంట్ వ్యూలోకి నిలువు గీతలు లాగి, అక్కడ వాటికి జోడైన హిడెన్ లైన్లను వెతకడం నేను అలవాటు చేసుకున్నాను. 20 వృత్తానికి చెందిన జత అడుగు నుంచి 25 ఎత్తు వరకు, 40 వృత్తానికి చెందిన జత అక్కడి నుంచి పై అంచు వరకు ఉంటాయి.

ఇప్పుడు రంధ్రం కేంద్రం గుండా, ముందు ముఖానికి సమాంతరంగా కటింగ్ ప్లేన్ వెళ్తే ముందు సగం తొలగిపోతుంది. లోహం తెగిన చోట మాత్రమే 45 డిగ్రీల హ్యాచింగ్ వస్తుంది, ఖాళీ ఉన్న చోట రాదు. కాబట్టి ఎడమ, కుడి వైపుల అడుగున 30, పైన 20 మి.మీ. వెడల్పున్న రెండు మెట్ల ఆకారాలు ఏర్పడతాయి. రెండూ ఒకే వస్తువులోని భాగాలు గనుక వాటి గీతల వాలు, ఎడం ఒకేలా ఉండాలి.

పరీక్షలో ఎక్కువ మంది వదిలేసే గీత ఒకటుంది. 25 ఎత్తులో ఉన్న మెట్టు గీత రెండు పక్కలా 10 మి.మీ. చొప్పున గీసి ఆపకూడదు; మధ్యలోని 20 మి.మీ. మీదుగా కూడా సాగాలి, ఎందుకంటే తెగిన తలానికి వెనుక చిన్న రంధ్రపు అంచులో సగం ఇంకా మనకు ఎదురుగానే ఉంటుంది. పైన, కింద రంధ్రం నోళ్ల దగ్గర కూడా దిమ్మె అంచు గీత తెగకుండా ఉండడానికి కారణం ఇదే. హ్యాచింగ్ ఎంత అందంగా వేసినా ఈ గీత లేకపోతే, వెనుక సగాన్ని ఊహించకుండా కోసిన ముఖాన్ని మాత్రమే గీశారని మూల్యాంకనం చేసేవారికి తెలిసిపోతుంది.

ఇదే దిమ్మెకు పక్కన బలం కోసం పలుచని రిబ్ ఉండి, కటింగ్ ప్లేన్ దాని పొడవునా వెళ్తే, అది తెగినా హ్యాచింగ్ వేయరు. వేస్తే ఆ పలుచని రెక్క దళసరి ముద్దలా భ్రమ కలిగిస్తుంది. అడ్డంగా తెగితే మాత్రం హ్యాచింగ్ వేస్తారు.