తారస్థాయి గాంధారం దగ్గర నేను చేస్తున్న తప్పు: నా సాధనను నేనే విన్న అనుభవం

నేను పర్లాకిమిడిలో ఉంటాను. మా వయొలిన్ మాష్టారు శ్రీకాకుళంలో ఉంటారు కనుక పదిహేను రోజులకొకసారి పాతపట్నం మీదుగా బస్సులో వెళ్లి పాఠం చెప్పించుకుని వస్తాను. మధ్యలో నా తప్పులు దిద్దేవారు ఎవరూ ఉండరు. మోహన రాగంలో ఆదితాళ వర్ణం నేర్చుకుంటున్నప్పుడు, చరణంలోని ఒక స్వరాల వరుస దగ్గర, "అమ్మా, ఇక్కడ నువ్వు పరిగెడుతున్నావు, గాంధారం కూడా నిలవడం లేదు" అని మాష్టారు రెండు పాఠాల్లో వరుసగా అన్నారు. వాయిస్తున్నప్పుడు నాకు ఆ రెండూ తెలియడం లేదు. అందుకే ఇంట్లో ఫోనులో రికార్డు చేసుకుని వినడం మొదలుపెట్టాను.

మొదటి రికార్డింగులు పనికిరాలేదు. వెనుక తంబురా యాప్ మోగుతూనే ఉన్నా, రికార్డింగులో ఆ నాదం వస్తూ పోతూ, కొన్నిచోట్ల పూర్తిగా మాయమైంది. ఫోను మాటలను స్పష్టంగా వినిపించడానికి చుట్టూ ఎడతెగకుండా వచ్చే శబ్దాన్ని రొదగా లెక్కగట్టి తగ్గిస్తుందనీ, తంబురా నాదం సరిగ్గా అటువంటిదేననీ కొంత ఆలస్యంగా అర్థమైంది. శ్రుతి వినిపించని రికార్డింగులో స్వరం తగ్గిందో లేదో నిర్ణయించడం కష్టం. రొద తగ్గించే ఆ ఏర్పాటును ఆపగలిగే రికార్డింగు యాప్ వేసుకుని, ఫ్యాను కట్టేసి, ఫోనును ఆరడుగుల దూరంలో పెట్టి, తంబురాను వేరే స్పీకరులో మోగించాను.

లయ చూడడానికి మెట్రోనోమ్ లేకుండా రికార్డు చేశాను, ఎందుకంటే అది మోగుతుంటే ప్రతి దెబ్బకూ చెయ్యి సర్దుకుంటుంది, తప్పు బయటపడదు. వాయించబోయే ముందు మాత్రం నిమిషానికి 60 దెబ్బల వేగాన్ని కాసేపు విని ఆపేశాను. అక్షరానికొక దెబ్బగా, ఎనిమిది అక్షరాల ఆదితాళం ఒక చుట్టు తిరిగే ఆవర్తనానికి ఆ వేగంలో 8 సెకన్లు, నాలుగు ఆవర్తనాల ఆ స్వరాల వరుసకు 32 సెకన్లు పట్టాలి. నాకు 31 పట్టింది. ఒక్క సెకనే కదా అనిపించింది కానీ, మరునాడు ఉదయం అదే రికార్డింగు వింటూ, చేత్తో తాళం వేస్తూ ఆవర్తనానికొక లెక్క రాసుకుంటే వరుసగా 8, 7.5, 7, 8.5 సెకన్లు వచ్చాయి. మొత్తం చూసుకుంటే కనబడని ఎగుడుదిగుడు ఇలా విడివిడిగా చూసినప్పుడు బయటపడింది. నాలుగో ఆవర్తనంలో తారస్థాయి గాంధారానికి ఎక్కే చోటు ఉంది. అక్కడ చెయ్యి జరపాలన్న ఆదుర్దాతో ముందు రెండు ఆవర్తనాలూ తొందరపడి, తీరా అక్కడికి చేరాక ఆగిపోతున్నాను.

అదే చోటును సగం వేగంతో, స్థాయి మారకుండా, మళ్లీ మళ్లీ పెట్టుకుని విన్నాను. గాంధారం కింద పడి, ఆ తరువాత పైకి పాకుతోంది. వాయించేటప్పుడు సర్దుకున్న చివరి భాగమే నా చెవికి గుర్తుండిపోయేది, పడిన క్షణం గుర్తుండేది కాదు. ఈ సంగతి రికార్డింగు లేకుండా నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

నిర్ధారణకు శ్రుతి చూపే యాప్‌ను కూడా నమ్మి ఒక వారం పోగొట్టుకున్నాను. అది అర్ధస్వరాలన్నిటినీ సమానంగా పంచిన కొలతతో చూపుతుంది. తంబురా షడ్జంలోనే సన్నగా పలికే అంతర గాంధారం, అర్ధస్వరాన్ని 100 భాగాలు చేస్తే, ఆ కొలతకు సుమారు 14 భాగాలు కిందుగా ఉంటుంది. ముల్లు సరిగ్గా మధ్యలో నిలిచేలా వాయిస్తే తంబురాతో కలవక గరుకుగా వినబడింది. అందువల్ల ముల్లును వదిలి తంబురానే ప్రమాణంగా తీసుకున్నాను. ఇదైనా నిలిపి పలికే స్వరానికే చెల్లుతుంది, గమకంతో ఊగే స్వరాన్ని ఇలా తూచలేము.

గాంధారం కింద పడడానికి కారణం ఎడమ చేతి బొటనవేలు. వేళ్లు పైకి వెళ్తున్నా అది వెనుకే ఉండిపోయి చేతిని పట్టి ఉంచుతోంది. మొదటి తీగ మీద చూపుడు వేలిని తారషడ్జానికి చేర్చి, పక్కనున్న మధ్యస్థాయి షడ్జం తీగను వట్టిదిగా కలిపి కమాను లాగి, రెండూ అలల్లేకుండా ఒక్కటిగా మోగేవరకు సరిచూసుకుని, అప్పుడు మధ్యవేలితో రిషభం, ఉంగరపు వేలితో గాంధారం వేశాను. బొటనవేలు చేతితోపాటు కదిలితేనే షడ్జం కుదిరేది. లయకు మెట్రోనోమ్‌ను 30కి తగ్గించి, రెండక్షరాలకొక దెబ్బే వినబడేలా పెట్టుకున్నాను, మధ్యలోని అక్షరాన్ని నేనే నిలుపుకోవలసి వచ్చింది.

మూడు వారాల తరువాత అదే స్వరాల వరుసను మెట్రోనోమ్ లేకుండా మళ్లీ రికార్డు చేస్తే 8, 8, 7.8, 8.2 వచ్చాయి, గాంధారం పాకకుండా నేరుగా పడింది. రెట్టింపు వేగమైన రెండో కాలంలో మాత్రం ఇంకా కిందే పడుతోంది. ఆ రికార్డింగును వచ్చే ఆదివారం మాష్టారికి వినిపించబోతున్నాను.